గడ్డిపరకకు పది సెకన్లు

సుందరకాండలో హనుమంతుడు సీతమ్మను మొదట చూసేది 15వ సర్గలో. ఆమె చూడామణి అతని చేతికి వచ్చేది 38వ సర్గలో. ఈ 24 సర్గల కథను ఆరు నిమిషాల యానిమేషన్ చిత్రంగా తీయాలంటే ఏం వదలాలి, ఏం ఉంచాలి? సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఆరు నిమిషాలకు 8640 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 4320 బొమ్మలు గీయాలి. కాబట్టి కత్తెర తప్పదు.

ఇలాంటి చిత్రాల్లో సాధారణంగా జరిగేది ఒకటే. రావణుడు వచ్చి బెదిరించి వెళ్తాడు, హనుమంతుడు చెట్టు మీది నుంచి ఉంగరం జారవిడుస్తాడు, సీతమ్మ చూసి సంతోషిస్తుంది. కథ గబగబా నడిచిపోతుంది. కానీ వాల్మీకి చెప్పిన సీత ఇందులో లేదు. నగలు, తల చుట్టూ కాంతివలయం ఎంత శ్రద్ధగా గీసినా ఆ లోటు తీరదు. పూజ్యమైన పాత్ర పట్ల గౌరవమంటే, ఆ పాత్ర చేసే ప్రతి పనికీ ఉన్న కారణాన్ని చెక్కుచెదరకుండా ఉంచడమని నా అభిప్రాయం. సంఘటనను తీసేస్తే కథ చిన్నదవుతుంది, అంతే. కారణాన్ని తీసేస్తే పాత్రే మారిపోతుంది.

మూలంలో ఉంగరం చాలా ఆలస్యంగా, 36వ సర్గలో వస్తుంది. అంతకుముందు హనుమంతుడికి ఒక పెద్ద సందేహం: ఏ భాషలో పలకరించాలి? పండితుడిలా సంస్కృతంలో మాట్లాడితే తనను రావణుడనుకుని ఆమె భయపడుతుందేమో! అందుకే కొమ్మల్లో దాగి, ఆమెకు మాత్రమే వినిపించేలా రామకథను మెల్లగా చెబుతాడు. చెట్టు దిగి దగ్గరకు వస్తాడు. అతడు ఒక్కో అడుగు వేసేకొద్దీ ఆమెలో అనుమానం పెరుగుతుంది. పెరగదా మరి? జనస్థానంలో రావణుడు సన్యాసి వేషంలోనే కదా వచ్చింది! హనుమంతుడు రాముడి రూపురేఖలను, గుణాలను వర్ణించి ఆమె నమ్మకాన్ని సంపాదించాకే ఉంగరం ఇస్తాడు. ఉంగరాన్ని ముందుకు జరిపితే సీతమ్మ వివేకం, హనుమంతుడి మర్యాద రెండూ ఒకేసారి పోతాయి.

కాబట్టి నేనైతే ఆరు నిమిషాల్లో దాదాపు రెండు నిమిషాలు ఈ అనుమానానికే ఇస్తాను. పాత సంఘటనను మాటల్లో చెప్పించనక్కరలేదు. హనుమంతుడు అడుగు వేయగానే అతని నీడ నేల మీద ఒక్క క్షణం కమండలం పట్టిన సన్యాసి నీడగా మారితే చాలు. ఆమె వెనక్కి జరుగుతుంది. అతడు ఆగి, చేతులు జోడించి తలవంచుతాడు. త్రిజట స్వప్నం, కాకాసుర వృత్తాంతం వదులుకోవాల్సి వస్తుంది. త్రిజటను తీసేయడం నాకు బాధే. కానీ ఆ కల రాముడి విజయాన్ని ముందే చూపిస్తుంది. ఇంత చిన్న చిత్రంలో అలా చూపిస్తే, తర్వాత వచ్చే భయానికి బలం ఉండదు.

రావణుడి ఘట్టంలో ముఖ్యమైనది అతడి పది తలలు కాదు, సీతమ్మ మధ్యలో ఉంచిన గడ్డిపరక. ఆ పరకకు పది సెకన్లు కదలని షాట్ ఇవ్వాలి. రావణుడు రెండు నెలల గడువు పెడుతుంటే తెర మీద పరక, దాని వెనుక మసకగా అతడి పాదాలు ఉంటే చాలు. కెమెరాను అతడి కళ్ల ఎత్తున పెట్టి సీతమ్మను పైనుంచి చూపించకూడదు. అలా పెడితే ప్రేక్షకుడు రావణుడి చూపుతో ఆమెను చూసినట్టవుతుంది. ఈ పొరపాటు స్టోరీబోర్డులో కంటికి ఆనదు, చిత్రం కదిలాకే తెలుస్తుంది. సాగదీసి, నొక్కి బొమ్మకు ప్రాణం పోసే పద్ధతిని హనుమంతుడి తోకకు, దూకుడుకు నిశ్చింతగా వాడవచ్చు. సీతమ్మ ముఖానికి మాత్రం వద్దు. ఆమె భావమంతా రెప్పల్లో, చేతివేళ్లలో పలకాలి.

ఇక, వీపు మీద మోసుకెళ్తానని హనుమంతుడు అడగడం, ఆమె కాదనడం. అడగడాన్ని ఉంచి కారణాన్ని కోసేస్తే ఆమె మొండిగా కనిపిస్తుంది. మూలంలో కారణాలు చాలా ఉన్నాయి. రాముడే వచ్చి రావణుణ్ణి గెలిచి తనను తీసుకెళ్తేనే అది ఆయనకు తగినదన్న మాట ఒక్కటి ఉంచితే సరిపోతుంది.

కథ తెలియని ఒకరికి కదిలే స్టోరీబోర్డును శబ్దం లేకుండా చూపించి ఒక్క ప్రశ్న అడగాలి: ఆమె ఎందుకు వెనక్కి జరిగింది? జవాబు రాకపోతే ఆ నీడ పనిచేయలేదన్నమాట. దాన్ని మళ్లీ గీయాల్సిందే.

చివరి షాట్‌లో చూడామణిని ఆమె జడలోంచి తీసినట్టు గీస్తుంటారు. వాల్మీకి సీత దాన్ని చీరకొంగులో మూటకట్టి దాచుకుంది. ఆ ముడిని విప్పే వేళ్లను దగ్గరగా, తొందరపడకుండా చూపించండి.