ఆ చప్పుడు నాదండీ

మా ఆయన కథ రాశారు. అచ్చయింది కూడా. మాంచెస్టర్‌లో భార్య మొదటి స్కాన్‌కి తోడు వెళ్ళిన ఒక తెలుగు భర్త, మసక వెలుతురు గదిలో బిడ్డ గుండె చప్పుడు విని, కన్నీరుమున్నీరై, చనిపోయిన తండ్రిని తలుచుకుని, ఒక్కసారిగా మహామనిషి అయిపోయిన వైనం. బంధువులందరూ చదివారు. "అల్లుడిది వెన్న మనసే" అని మా అమ్మ కూడా మురిసిపోయింది. సాహిత్యంతో నాకు పేచీ ఏమీ లేదు. కాకపోతే ఆ గదిలో మంచం మీద పడుకున్న శాల్తీని నేనే కాబట్టి, కొన్ని విషయాలు రికార్డులో ఉండాలని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు వాతావరణం. కథలో కిటికీ అవతల మంచు కురుస్తుంటుంది. ఆ గదికి కిటికీ లేదు. నెల సెప్టెంబరు. విదేశంలో జరిగే తెలుగు కథలో మంచు కురవకపోతే సంపాదకులు ఒప్పుకోరేమో, నాకు తెలీదు. ఆ రోజు పడింది మాంచెస్టర్‌లో రోజూ పడే ముసురే. ట్రామ్ దిగి ఆస్పత్రికి నడిచేసరికి ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. అది కథకి పనికిరాలేదు.

తర్వాత పాత్రలు. కథలో చిరునవ్వు చెదరని ఒక తెల్లజుట్టు డాక్టరమ్మ ఉంది. ఆవిడెవరో నేనెరగను. ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో అంతా సవ్యంగా సాగితే డాక్టరు మొహం చూడకుండానే కాన్పయిపోతుంది. చూసేది మిడ్‌వైఫ్, స్కాన్ తీసేది సోనోగ్రాఫర్. మాకు వచ్చినమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి, జుట్టు నల్లగా ఉంది, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదని మొహమే చెబుతోంది. ఇక నా పాత్ర. కథ మొత్తంలో రెండు చోట్ల కనిపిస్తాను. ఒకచోట నా చెయ్యి చల్లగా ఉంటుంది. రెండోచోట నేను "పెదవి కొరుకుతూ నవ్వు ఆపుకుంటాను".

నేను ఆపుకుంటున్నది నవ్వు కాదు.

ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి. పన్నెండో వారంలో చేసే ఈ స్కాన్‌కి నిండు మూత్రాశయంతో రమ్మంటారు. అది నిండితే గర్భసంచి కొంచెం పైకి లేస్తుంది, శబ్దతరంగాలు నీళ్ళలోంచి సులువుగా వెళ్ళి లోపలి బొమ్మ తేటగా కనిపిస్తుంది. ఉత్తరంలో గంట ముందు అరలీటరు తాగమని ఉంది. మా ఆయన, ఎందుకైనా మంచిదని, దగ్గరుండి లీటరు తాగించారు. మా వంతు ఆలస్యమైంది. ఎదుటి గోడ మీద తల్లిపాల గురించి పోస్టరుంటే దాన్ని నేను కంఠతా పట్టేశాను. పక్కన ఆయన ఫోన్లో ఏదో రాసుకుంటున్నారు. అప్పుడు ఆఫీసు మెయిలనుకున్నాను, తర్వాత తెలిసింది, కథకి మొదటి పేరా అని.

లోపలికి పిలిచారు. మంచం మీద కాగితం పరిచి, నడుము దగ్గర టిష్యూ దోపి, పొట్ట మీద జెల్ పూసి, ఆ అమ్మాయి ప్రోబ్‌ని సరిగ్గా ఎక్కడ నొక్కకూడదో అక్కడే నొక్కింది. బిడ్డ తల నుంచి పిరుదుల దాకా కొలత తీసుకుంది. 58 మిల్లీమీటర్లు, అంటే పన్నెండు వారాల రెండు రోజులు. కాన్పు తేదీ లెక్కగట్టేది ఈ కొలతతోనే. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత మెడ వెనక ఉండే సన్నటి నీటి పొరని కొలవాలట. డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉండే అవకాశం ఎంతో లెక్కించడానికి ఆ కొలతా, నా రక్తపరీక్షా కలిపి చూస్తారు. దానికి బిడ్డ పక్కవాటుగా, గడ్డం మరీ దించకుండా, మరీ ఎత్తకుండా పడుకోవాలి. మా బిడ్డ బోర్లా పడుకుని మాకు వీపు చూపించింది.

"కొంచెం దగ్గండి" అంది ఆ అమ్మాయి. లీటరు నీళ్ళతో దగ్గడం ఎలాంటిదో మగ రచయితలకి వర్ణించి చెప్పే శక్తి నాకు లేదు. దగ్గాను. బిడ్డ కదల్లేదు. నడుము అటూ ఇటూ ఊపమంది. ఊపాను. పక్కకి తిరగమంది, తిరిగాను. మా ఆయన కుర్చీలోంచి లేచి "బంగారూ, ఇటు చూడమ్మా" అని నా పొట్టతో తెలుగులో మాట్లాడారు. చివరికి ఆ అమ్మాయి, "ఒకసారి వెళ్ళి, సగం ఖాళీ చేసుకుని రండి" అంది. సగం! సగంలో ఆపగలిగిన స్త్రీ ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, కాళ్ళకి దండం పెడతాను. తిరిగొచ్చేసరికి బిడ్డ తిరిగింది, కొలత దొరికింది. అంతసేపూ భర్తగారు కథలో "కాలం ఆగిపోయింది" అని రాశారు. ఆగింది కాలం కాదండీ.

ఇక అసలు అభియోగం. కథలో ఆ గది నిండా "గుర్రపు డెక్కల చప్పుడు" మారుమోగుతుంది. ఆ గదిలో చప్పుడే లేదు. ఈ ముక్క నేను ప్రమాణం చేసి చెప్పగలను.

మొదటి కొన్ని నిమిషాలు ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. స్క్రీను ఆవిడ వైపే ఉంది. అదే వాళ్ళ పద్ధతి. ముందు తాము చూసి, గుండె కొట్టుకుంటోందని రూఢి చేసుకున్నాకే మనవైపు తిప్పుతారు. ఎందుకంటే కొన్నిసార్లు కొట్టుకోదు. నొప్పి ఉండదు, రక్తం కనబడదు, వాంతులు కూడా మామూలుగానే అవుతుంటాయి, బిడ్డ మాత్రం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఆ సంగతి తల్లికి మొదటిసారి తెలిసేది ఆ మంచం మీదే. మాకంటే ముందు లోపలికి వెళ్ళిన జంట చేతిలో ఫొటో లేకుండా బయటికొచ్చారు. ఆ భార్య కోటు కూడా తొడుక్కోలేదు, చేతిలోనే పట్టుకుంది. వాళ్ళని నేనూ చూశాను, మా ఆయనా చూశారు. కథలో వాళ్ళు లేరు. ఆ నిమిషాల్లో స్క్రీను కనబడక, నేను ఆ అమ్మాయి కనుబొమలు చూస్తూ పడుకున్నాను. అదీ లేదు. సరే, మంచు మాత్రం ఉందిలెండి.

తర్వాత స్క్రీను తిప్పింది. బూడిదరంగు బొమ్మ మధ్యలో చిన్న మిణుకు. అదే గుండె. బొమ్మ మీద ఒక గీత పెట్టి మీట నొక్కితే, ఆ గీత కింద కదలిక అలలుగా వచ్చింది. రెండు అలల మధ్య దూరం కొలిస్తే మిషను 162 అని చూపించింది. అంతే. మూగ సినిమా. మా ఆయన "సౌండ్ పెంచరా" అని అడిగారు కూడా. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. చప్పుడు వినిపించాలంటే డాప్లర్ వాడాలి, అది శబ్దశక్తినంతా ఒకేచోట గుచ్చి పంపిస్తుంది, కణజాలం కొద్దిగా వేడెక్కే వీలుంది. హాని జరిగిందని ఎక్కడా రుజువు కాలేదు, అయినా మొదటి మూడు నెలల్లో తల్లిదండ్రుల సరదా కోసం వాడకూడదని వాళ్ళ నియమం. కళ్ళకి కనబడుతున్నదాన్ని చెవులతో కూడా రూఢి చేయాల్సిన పని లేదంది.

మరి ఆయన విన్నది ఏమిటి? విన్నారు, నిజమే. కానీ అక్కడ కాదు, ఆ రోజూ కాదు. పదహారో వారంలో మిడ్‌వైఫ్ దగ్గర. అది కూడా ఈయన అడిగితేనే. ఆవిడ చేతిలో పట్టే చిన్న డాప్లర్ తీసి పొట్ట కింది భాగాన ఆనించింది. కాసేపు గరగర, తర్వాత తాపీగా ఉష్, ఉష్ అని ఒక చప్పుడు. మా ఆయన కళ్ళజోడు తీశారు. కళ్ళు తుడుచుకున్నారు. "మా నాన్న ఉండుంటే..." అని మొదలుపెట్టారు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. రెండూ కలిశాయి, 88. "ఇది అమ్మదండీ" అని ప్రోబ్ పక్కకి జరిపింది. అప్పుడు దొరికింది బిడ్డది, 150 దాటి, టకటకా.

పెళ్ళయిన దగ్గర్నుంచీ నా గుండె చప్పుడు విని మా ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నది అదొక్కసారే. అంత మంచి కథని వదిలేసి గుర్రాన్ని పట్టుకున్నారు.

ఆ రాత్రే ఇంట్లోకి ఒక డాప్లర్ కొందామని ఆన్‌లైన్‌లో వెతికారు. నేను అడ్డుపడ్డాను. డిగ్రీ చదివిన ఈయనే నా నాడికి ఏడ్చారు కదా. కదలికలు తగ్గిన రాత్రి ఇంట్లోనే ఆ డబ్బా ఆనించుకుని, తల్లి చప్పుడో మాయ చప్పుడో విని "బాగానే ఉంది" అని పడుకుంటే ఎంత ప్రమాదం! తేడా అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి, డబ్బాకి కాదు అని మిడ్‌వైఫ్ ముందే చెప్పింది.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. స్కాన్ ఫొటో మీద ఆ 162 కూడా అచ్చయింది. ఈయన దాన్ని కుటుంబం గ్రూప్‌లో పెట్టారు. అభినందనలు, దండాలు, పూలు. వాటి మధ్య మా చిన్నమామగారి మెసేజీ: "140 దాటితే ఆడపిల్ల అంటారు." దాని కింద దండాలు ఆగిపోయాయి. కాసేపటికి ఇంకొకరు: "అక్కడ చట్టం అడ్డు లేదుగా, రక్తపరీక్షతోనే చెప్పేస్తారట, కనుక్కోండి."

అబద్ధం కదండీ అది! ఆరో వారంలో ఏ బిడ్డ గుండె అయినా నిమిషానికి 110 దగ్గర మొదలై, తొమ్మిదో వారానికి 170 దాకా ఎగబాకి, తర్వాత మెల్లగా దిగుతుంది. మగైనా అంతే, ఆడైనా అంతే. ఆ అంకె చెప్పేది వారాల్ని, లింగాన్ని కాదు. తెలీక అడిగారనుకుందామా? తెలిస్తే ఏం చేద్దామని అడిగారు? మన ఊళ్ళో ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీద "లింగ నిర్ధారణ చేయబడదు" అని బోర్డు ఊరికే వేలాడుతోందా? 1994లో దానికో చట్టం తేవాల్సి వచ్చిందంటే, గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ ఫారం నింపి దాచాల్సి వస్తోందంటే, ఎవరి వల్ల? ఇదిగో, ఇలా పూలబొమ్మల మధ్య మర్యాదగా కనుక్కోమనే పెద్దమనుషుల వల్లే. 58 మిల్లీమీటర్ల ప్రాణి, ఇంకా మెడ తిప్పడం కూడా సరిగ్గా రాదు, దానికి అప్పుడే తక్కువ మార్కులు వేసేశారు. ఆ మెసేజీ వచ్చిన ఫోన్‌కి నెలనెలా రీఛార్జ్ చేయించేది ఆయన కూతురే. ఆ ముక్క గ్రూప్‌లోనే రాశాను. పెద్దంతరం చిన్నంతరం లేదన్నారు. లేదు. ఆ విషయంలో నాకు లేదు.

మా ఆయన మీద ఇంత రాశాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఇరవయ్యో వారం స్కాన్ అయ్యాక చిన్నమామగారు ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టి మాట్లాడారు ఈయన.

"ఏరా, ఏం తెలిసింది?"

"రెండు కిడ్నీలూ ఉన్నాయి బాబాయ్. గుండెకి నాలుగు గదులు. వెన్నెముక శుభ్రంగా ఉంది."

"అది సరేరా. ఇంకేం కనబడలేదా?"

"ఎందుకు కనబడలేదు? పై పెదవి చక్కగా అతుక్కుని ఉంది, కడుపులో జీర్ణాశయం కూడా ఉంది. తొడ ఎముక కొలత పంపమంటావా?"