సాయంత్రం పట్టీల వేళ ఆగిపోయిన బటన్: ఇండెక్స్ పెడితే పని ఎందుకు నెమ్మదించింది?

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పొద్దున్నే బస్తాలు దిగుతాయి. జెండా పాట అవుతుంది, కాంటాలు పడతాయి, సాయంత్రానికి రైతు చేతికి అమ్మకం లెక్క రాసిన పట్టీ రావాలి. అంటే ఒక్కో లాట్ స్థితి ఒకే రోజులో మూడు సార్లు మారుతుంది: వచ్చింది, పాట అయింది, కాంటా అయింది, పట్టీ ఇచ్చాం. కొందరు అడ్తిదారులు కలిసి వాడుకునే ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌ను నేను చూసుకునేవాణ్ణి. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. అది నడిచేది షాపులోని ఒక పాత కంప్యూటర్ మీద, తిరిగే హార్డ్ డిస్క్‌తో.

ఒకరోజు ఫోన్ వచ్చింది. ‘పట్టీ ఇవ్వని లాట్లు’ అనే స్క్రీన్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందన్నారు. టేబుల్‌లో అప్పటికి దాదాపు 10 లక్షల రికార్డులు ఉన్నాయి. ఆ స్క్రీన్ వెతికేది `status` అనే కాలమ్ మీద. దానిమీద ఇండెక్స్ లేదు. మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను:

```sql
CREATE INDEX idx_status ON lots (status);
```

స్క్రీన్ వెంటనే తెరుచుకుంది. కానీ రెండు మూడు రోజులకే ఇంకో ఫిర్యాదు. సాయంత్రం కొన్ని వందల లాట్లను ఒకేసారి ‘పట్టీ ఇచ్చాం’ అని మార్చే బటన్ నొక్కితే అంతా ఆగిపోతోంది. అప్పటికే ఆ బటన్ కాస్త నెమ్మదిగానే ఉండేది, ఇప్పుడు భరించలేనంతగా మారింది. అవతల రైతులు లైన్‌లో నిలబడి ఉన్నారు. ఊరికి వెళ్లే ఆఖరి బస్సు దొరుకుతుందో లేదో అన్న టెన్షన్ వాళ్లది.

ఇది ఎందుకు జరిగిందో తెలియాలంటే రికార్డులు డిస్క్ మీద ఎలా కూర్చుంటాయో చూడాలి. మన ఊళ్లలో అందరికీ తెలిసిన పహాణీనే తీసుకుందాం. అందులో భూముల వివరాలు సర్వే నంబర్ల వరుసలో ఉంటాయి. సర్వే నంబర్ తెలిస్తే నేరుగా ఆ చోటికి వెళ్తాం, మొత్తం వివరం అక్కడే ఉంటుంది. క్లస్టర్డ్ ఇండెక్స్ సరిగ్గా ఇదే. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇన్నోడీబీ ఇంజిన్‌లో టేబుల్ ఒకచోట, దాని ప్రైమరీ కీ ఇండెక్స్ ఇంకోచోట ఉండవు. రికార్డులన్నీ ప్రైమరీ కీ వరుసలో అమర్చిన ఆ ఇండెక్సే టేబుల్. ఒకే పుస్తకాన్ని రెండు వరుసల్లో అమర్చలేం కాబట్టి ఒక టేబుల్‌కు క్లస్టర్డ్ ఇండెక్స్ ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు పట్టాదారు పేరుతో వెతకాలనుకోండి. పేర్లను అక్షర క్రమంలో రాసి, ఒక్కో పేరు పక్కన సర్వే నంబర్ వేసి ఇంకో జాబితా తయారు చేసుకుంటాం. అదే సెకండరీ ఇండెక్స్. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ జాబితాలో పేజీ నంబర్ ఉండదు, సర్వే నంబర్ ఉంటుంది. ఇన్నోడీబీ సెకండరీ ఇండెక్స్‌లో కూడా రికార్డు ఎక్కడుందన్న చిరునామా ఉండదు, దాని ప్రైమరీ కీ విలువ ఉంటుంది. అందుకని సెకండరీ ఇండెక్స్ ద్వారా వెతికితే రెండు అడుగులు. మొదట ఇండెక్స్‌లో ప్రైమరీ కీ దొరుకుతుంది, తర్వాత ఆ కీ పట్టుకుని అసలు టేబుల్‌లోకి మళ్లీ దిగాలి. అడిగిన కాలమ్‌లన్నీ ఇండెక్స్‌లోనే ఉంటే మాత్రం రెండో అడుగు అక్కర్లేదు.

ఈ రెండో అడుగు ఖరీదు ప్రైమరీ కీ ఎలాంటిదన్న దాన్నిబట్టి ఉంటుంది. మా టేబుల్‌లో తప్పు మొదలైంది అక్కడే. యార్డులో నెట్ సరిగా అందని చోట కూడా ఫోన్‌లో లాట్ నమోదు చేయాలని, ఫోనే యాదృచ్ఛికంగా తయారు చేసే 36 అక్షరాల గుర్తింపు కోడ్ యూయూఐడీని ప్రైమరీ కీగా పెట్టాం. దానికి ఏ వరుసా ఉండదు. పొద్దున పక్కపక్కనే దిగిన రెండు లాట్లు టేబుల్‌లో ఎక్కడెక్కడో పడతాయి.

కొంచెం లెక్క వేద్దాం, అంకెలు గుండ్రంగానే తీసుకుంటాను. ఇన్నోడీబీ డేటాను 16 కేబీ పేజీలుగా పెడుతుంది. ఒక రికార్డు 200 బైట్లయితే పేజీకి సుమారు 75 పడతాయి, 10 లక్షల రికార్డులకు 13 వేలకు పైగా పేజీలు. రోజుకు 3 వేల లాట్లు వస్తాయనుకుందాం. ప్రైమరీ కీ 1, 2, 3 అంటూ పెరిగే నంబరైతే ఆరోజు లాట్లన్నీ 40 పేజీల్లో పక్కపక్కనే ఉంటాయి. యూయూఐడీ అయితే ఆ 3 వేల లాట్లు దాదాపు అన్నే వేర్వేరు పేజీల్లో చెదిరిపోతాయి. పైగా నడుమ నడుమ చొప్పించడం వల్ల నిండిన పేజీలు రెండుగా చీలి సగం ఖాళీగా మిగులుతాయి, మొత్తం పేజీల సంఖ్య ఇంకా పెరుగుతుంది. మెమరీలో పేజీలను దాచుకునే బఫర్ పూల్ డిఫాల్ట్‌గా 128 ఎంబీ. మా టేబులే 200 ఎంబీ దాటింది. కాబట్టి చాలా పేజీల కోసం డిస్క్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇప్పుడు ఆ బటన్ సంగతి. 600 లాట్లను ‘కాంటా అయింది’ నుంచి ‘పట్టీ ఇచ్చాం’కు మార్చాలి. ఇండెక్స్ లేనప్పుడు చేయాల్సింది ఒక్కటే: అసలు రికార్డులో 3 అంకెను 4 చేయడం. `status` చిన్న అంకె కాబట్టి ఉన్నచోటే మారిపోతుంది. చెదిరిన పేజీలు 600 ఉంటే, ఒక్కోదానికి తిరిగే డిస్క్ మీద 10 మిల్లీసెకన్లు వేసుకున్నా 6 సెకన్లు. ముందునుంచే బటన్ నెమ్మదిగా ఉన్నది ఇందుకే.

ఇండెక్స్ వచ్చాక పని మారింది. సెకండరీ ఇండెక్స్‌లో విలువను ఉన్నచోట దిద్దడం కుదరదు, ఎందుకంటే విలువ మారితే దాని స్థానమే మారాలి. 3 కింద ఉన్న ఎంట్రీకి కొట్టేసినట్టు గుర్తు పెట్టి, 4 కింద కొత్త ఎంట్రీ రాయాలి. పాతదాన్ని తర్వాత వెనకాల పర్జ్ అనే పని శుభ్రం చేస్తుంది. 3 కింద ఉండేవి ఆరోజువి కొన్ని మాత్రమే, అవి మెమరీలోనే ఉంటాయి. 4 కింద ఉన్నవి మాత్రం ఇన్ని సీజన్ల లాట్లన్నీ. ఆ 10 లక్షల ఎంట్రీలు యూయూఐడీ వరుసలో కొన్ని వేల పేజీల్లో పరుచుకుని ఉంటాయి. 600 కొత్త ఎంట్రీలు వాటిలో ఎక్కడెక్కడో పడతాయి. అంటే ఇంకో 600 సార్లు డిస్క్, ఇంకో 6 సెకన్లు. చేంజ్ బఫర్ అనే ఏర్పాటు ఉంటే ఈ పనిలో కొంత వాయిదా పడుతుంది. కానీ మైఎస్‌క్యూఎల్ 8.4 నుంచి అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్‌లో ఉన్నా వాయిదా పడిన పని ఎప్పుడో ఒకప్పుడు చేయాల్సిందే.

స్క్రీన్ చూసేవాడి సమయం మిగిల్చి, పట్టీ కోసం నిలబడ్డ రైతు నెత్తిన ఆ భారం వేశాను. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే. ‘క్వెరీ స్లోగా ఉందా, ఇండెక్స్ పెట్టు’ అని హనుమకొండలో ఇంటర్వ్యూలకు చదివే పిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ కాలమ్ పుట్టాక ఎన్నిసార్లు మారుతుందన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. రైతు ఊరి పేరు ఒకసారి రాస్తే మళ్లీ మారదు, దానిమీద ఇండెక్స్‌కు ఖర్చు రికార్డు పుట్టినప్పుడు ఒక్కసారే. `status` లాంటి కాలమ్ మారడానికే పుట్టింది. నా దృష్టిలో ఇండెక్స్ పెట్టేముందు చూడాల్సిన మొదటి విషయం ఇదే, క్వెరీ ఎంత నెమ్మదిగా ఉందన్నది దాని తర్వాత.

పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ ఇన్నోడీబీలాంటి క్లస్టర్డ్ ఇండెక్స్ లేదు. రికార్డులు ఒక కుప్పగా ఉంటాయి, ప్రైమరీ కీతో సహా అన్ని ఇండెక్స్‌లూ రికార్డు ఉన్న చోటునే నేరుగా చూపిస్తాయి. రికార్డు మారితే కొత్త ప్రతి ఇంకోచోట పుడుతుంది. మారిన కాలమ్ మీద ఏ ఇండెక్సూ లేకపోతే, అదే పేజీలో చోటుంటే, హాట్ అప్‌డేట్ అనే దగ్గరిదారి వల్ల ఇండెక్స్‌లను ముట్టుకోవాల్సిన పనుండదు. `status` మీద ఇండెక్స్ పెట్టగానే ఆ కాలమ్ మార్పులకు ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆ ఒక్క ఇండెక్సే కాదు, టేబుల్ మీదున్న మిగతా ఇండెక్స్‌లు కూడా కొత్త ఎంట్రీ రాసుకోవాలి. ఐదు ఇండెక్స్‌లుంటే ఐదింటికీ పని.

ఇక చదవడంలో కూడా ఆ ఇండెక్స్ అన్నిసార్లూ మేలు చేయలేదు. పట్టీ ఇచ్చిన లాట్లన్నిటి సొమ్ము కూడాలంటే రికార్డుల్లో నూటికి తొంభైకి పైగా అవే. ఒక్కో ఎంట్రీకి టేబుల్‌లోకి మళ్లీ దిగడం కన్నా, 13 వేల పేజీలను మొదటి నుంచి చివరిదాకా చదివేయడమే తక్కువ పని. క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే ఆప్టిమైజర్ సాధారణంగా ఇది గ్రహించి ఇండెక్స్‌ను పక్కన పెడుతుంది. `EXPLAIN`లో `type` కింద `ALL` కనిపిస్తే మొత్తం టేబుల్ చదువుతోందని అర్థం, అది ప్రతిసారీ తప్పు కాదు.

చివరికి మేం చేసింది రెండు పనులు. ప్రైమరీ కీని పెరుగుతూ పోయే `BIGINT` నంబర్‌కు మార్చి, యూయూఐడీని మామూలు కాలమ్‌గా యూనిక్ ఇండెక్స్‌తో ఉంచాం. ఆ ఒక్క ఇండెక్స్‌లో ఎంట్రీలు ఇంకా చెదురుతూనే ఉంటాయి, కానీ టేబుల్ మాత్రం వరుసలో పడింది. దీనివల్ల ఇంకో లాభం కలిగింది. ప్రతి సెకండరీ ఇండెక్స్ ప్రైమరీ కీని మోస్తుంది కదా, 36 బైట్ల చోట 8 బైట్లు వచ్చాయి. ఇండెక్స్‌కు 10 లక్షల ఎంట్రీలంటే ఒక్కోదానిలో 28 ఎంబీ తగ్గింది. రెండో పని, `status` ఇండెక్స్ తీసేసి తేదీ మీద పెట్టడం:

```sql
DROP INDEX idx_status ON lots;
CREATE INDEX idx_date ON lots (lot_date);

SELECT * FROM lots
WHERE lot_date >= CURDATE() - INTERVAL 6 DAY
  AND status < 4;
```

తేదీ ఒకసారి రాస్తే మారదు. కొత్త ఎంట్రీలు ఇండెక్స్ చివరే చేరతాయి. వారం రోజుల 21 వేల లాట్లు ఇప్పుడు 280 పేజీల్లో పక్కపక్కనే ఉంటాయి, వాటిని చదివి `status` చూసి వడపోయడం ఆ పాత కంప్యూటర్‌కు కూడా పెద్ద పని కాదు. 600 లాట్ల బటన్ పది పదిహేను పేజీలు ముట్టుకుని ముగుస్తోంది. వారం దాటినా పట్టీ అందని లాట్లు ఈ స్క్రీన్‌లో కనిపించవు, వాటికి రాత్రిపూట నడిచే వేరే రిపోర్టు పెట్టాం.

ఉన్న ఇండెక్స్‌ను తీసేయాలంటే భయపడేవాళ్లకు మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ఒక వీలుంది:

```sql
ALTER TABLE lots ALTER INDEX idx_status INVISIBLE;
```

ఇలా చేస్తే ఆప్టిమైజర్‌కు ఆ ఇండెక్స్ కనిపించదు. ఏ స్క్రీనైనా నెమ్మదిస్తే వెంటనే `VISIBLE` అని తిరిగి తేవచ్చు. కానీ కనిపించకుండా చేసినా రాసేటప్పుడు దాన్ని నిర్వహించడం ఆగదు, అందుకే బటన్ వేగం పెరిగిందా లేదా అన్నది దీంతో తేలదు. నిజంగా తీసేస్తేనే తేలుతుంది.

ఏ ఇండెక్స్ వాడుకలో లేదో `sys.schema_unused_indexes` చెబుతుంది. దాని లెక్క సర్వర్ చివరిసారి స్టార్ట్ అయినప్పటి నుంచే. షాపులో కరెంటు పోయి నిన్న రీస్టార్ట్ అయితే ఇవాళ సగం ఇండెక్స్‌లు వాడనట్టే కనిపిస్తాయి. మా దగ్గర ఒక ఇండెక్స్ ఏడాదిలో మార్చి నెల లెక్కలప్పుడు మాత్రమే పనికొచ్చేది. దాన్ని తీసేసి, తిరిగి పెట్టే `CREATE INDEX` వాక్యాన్ని ఒక ఫైల్‌లో దాచుకున్నాం. మార్చి చివర్లో యార్డుకు సెలవు ఉన్న రోజు దాన్ని పెట్టి, లెక్కలు అయ్యాక మళ్లీ తీసేస్తున్నాం.