రెండు వందల జరిమానా, ఆజన్మాంత భాగ్యం

మన దేశంలో ఏ రికార్డూ భద్రంగా ఉండదని గిట్టనివాళ్లు అంటుంటారు. పహాణీలో తాత పేరు చెదలు తినేసిందని, బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు తప్పుగా పడిందని ఊరికే యాగీ చేస్తారు. అలాంటివాళ్లకు మా మేనల్లుడిని చూపిస్తాను. 2009 సంక్రాంతి కనుమ నాడు తోటలో పేకాడుతూ దొరికిన సంగతిని ఈ ప్రభుత్వం ఎంత ప్రేమగా దాచిపెట్టిందో చూస్తే కళ్లు చెమరుస్తాయి.

అప్పుడు వాడికి ఇరవై ఏళ్లు. ఏడుగురు, ఒక దుప్పటి, జోకరు చిరిగిపోయిన కట్ట, పందెం సొమ్ము 1,340 రూపాయలు. ఆడింది పదమూడు ముక్కల రమ్మీ. మర్నాడు కోర్టు వరండాలో ఒక హెడ్ కానిస్టేబుల్ తండ్రిలా నచ్చజెప్పాడు: "ఒప్పేసుకో బాబూ, రెండొందలు కడితే అరగంటలో ఇంట్లో ఉంటావు." ఒప్పేసుకున్నాడు. అరగంటలో ఇంట్లోనే ఉన్నాడు. కానిస్టేబుల్ మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. ఆ కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టం మీద నడిచేదని అదే తీర్పులో ఉంది. అంటే మావాడికి వాదించుకోవడానికి పది ముక్కల తేడా ఉంది. కానీ వాదిస్తే వాయిదాలు, వాయిదాలంటే టెన్షన్. పైగా నేరం ఒప్పుకున్నాక శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం లేదనో తప్ప, నేను చేయలేదని అప్పీలుకు వెళ్లే దారి ఉండదు.

ఆ రోజే వకీలు ఎవరైనా లేచి, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద మందలించి వదిలేయమని అడగొచ్చు. మొదటి తప్పు, చిన్న శిక్షకు మించని నేరం కాబట్టి మేజిస్ట్రేట్ ఒప్పుకోనూ వచ్చు. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, అలా వదిలేసినవాడికి శిక్షపడినందుకు అంటుకునే అనర్హత అంటుకోదు. రికార్డు చెరిగిపోదు, దాని కోర మాత్రం ఊడుతుంది. కానీ అడగడానికి వకీలు ఉండాలి కదా, అరగంట పని కదా.

రికార్డునే చెరిపేసే వెసులుబాటు మన చట్టంలో ప్రధానంగా పిల్లలకు ఉంది. పద్దెనిమిది నిండకముందు చేసిన తప్పులకు, కొన్ని ఘోరాలు మినహాయించి, గడువు దాటాక కాగితాలు నాశనం చేయాలని బాలల న్యాయ చట్టం అంటుంది. మా అక్క ఇప్పటికీ బాధపడుతుంది, పేకముక్కలు వాడి చేతికి మూడేళ్లు ఆలస్యంగా ఇచ్చామని.

ఎనిమిదేళ్ల తర్వాత ఉద్యోగం వచ్చింది. ఎటెస్టేషన్ ఫారంలో ప్రశ్న: ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టు జరిమానా వేసిందా? జరిమానా అంటే ట్రాఫిక్ చలానా లాంటిదే కదా అనుకుని "లేదు" అని రాశాడు. స్టేషన్ నుంచి వచ్చిన నివేదికలో "శిక్ష పడినది" అని ఉంది. ఆటకు పడిన శిక్ష రెండు వందలే, అబద్ధానికి పోయింది ఉద్యోగం. చిన్నవయసులో చేసిన చిల్లర తప్పును దాచినా యజమాని తన విచక్షణతో వదిలేయొచ్చని అవతార్ సింగ్ కేసులో 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వదిలేయొచ్చని చెప్పింది, వదిలేయాలని కాదు. ఆ ఆఫీసుకు వ్యాకరణం బాగా వచ్చు.

బుద్ధి తెచ్చుకుని, అమెరికా ప్రయాణానికి వీసా దరఖాస్తు DS-160 నింపేటప్పుడు నన్ను పిలిచాడు.

"మామయ్యా, క్షమాభిక్ష దొరికినా సరే, ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతున్నాడు. ఏం పెట్టను?"

"అవునని పెట్టరా."

పేకాట ఒక్కదానికే సాధారణంగా వీసా ఆగదు. దాచిపెట్టి దొరికితే మాత్రం జీవితాంతం రానివ్వకపోవచ్చు. అవునని పెట్టగానే వివరాల పెట్టె తెరుచుకుంది. ఇంటర్వ్యూకు కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ పట్టుకెళ్లడం మంచిదన్నారు. వాడు పడిన శిక్ష రెండు వందలేనని చెప్పే కాగితం అదొక్కటే.

కాపీ సెక్షన్‌లో అప్లికేషన్ పెట్టాడు. నాలుగో రోజు కాగితం తిరిగొచ్చింది. మీద ఎర్ర సిరాతో ముద్ర: "నిబంధనల ప్రకారం రికార్డు ధ్వంసం చేయబడినది."

స్టేషన్ రిజిస్టర్‌లో మాత్రం వాడి పేరు చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఆ ఎర్రముద్ర కాగితాన్నే ఇంగ్లీషులోకి మార్చి నోటరీ చేయిస్తున్నాడు.