చింతపండు కోసం 199

ఆదివారం, బయట ముసురు. నెల్లూరు చేపల మార్కెట్ నుంచి కొరమేను తెచ్చి అమ్మ చేతికిచ్చానా, పది నిమిషాలకి వంటింట్లోంచి కేక: "ఒరేయ్ అబ్బయ్యా, చింతపండు లేదురా!"

నేను కంగారు పడలేదు. సరుకులు ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లో మూడు నెలలకి 99 రూపాయలు కట్టి మెంబర్‌షిప్ తీసుకుని ఉన్నా కదా, 199 దాటితే డెలివరీ ఫ్రీ. అరకిలో చింతపండు 95, వెల్లుల్లి 40, మెంతులు 15. మొత్తం 150. పైన పచ్చగీత, 'ఇంకా 49'. నూనె ఎట్లాగూ కావాలి కదా అంది అమ్మ. 165 రూపాయల ప్యాకెట్ వేశాను, గీత కదల్లేదు, 'ఇంకా 49' అనే ఉంది! షరతులు తెరిస్తే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, నూనె, నెయ్యి, పంచదార ఈ లెక్కలోకి రావంట. డబ్బు మాత్రం తీసుకుంటారు, లెక్కలోకి తీసుకోరు. మా ఇంటికొచ్చే బావగారి టైపు.

నూనె తీసేసి 52 రూపాయల గిన్నెల సబ్బు వేశా. 202, డెలివరీ సున్నా. అక్కడితో ఆగి ఉండాల్సింది. 25 తగ్గించే కూపన్ కనబడితే చెయ్యి ఊరుకోలేదు, నొక్కా. డెలివరీ 30 మళ్ళీ ప్రత్యక్షం. కూపన్ తీసేశాక మిగిలిందే చూస్తారంట, అది 177. పాతిక మిగిల్చుకుని ముప్పై కడతానా, 24 రూపాయల బిస్కెట్లు వేసి 201 చేశా.

కట్టేముందు బిల్లు వివరం తెరిచా, అందరూ తెరవాల్సింది అదే. మెంబర్‌షిప్ మాఫీ చేసేది డెలివరీ అన్న ఒక్క వరసనే. దాని కింద హ్యాండ్లింగ్ 12, వాన ఫీజు 15 దర్జాగా కూర్చున్నాయి. మొత్తం 228. కూపన్ ముట్టుకోకుండా ఉంటే 229 అయ్యేది. అంటే ఇంత గణితానికి నాకు మిగిలింది బిస్కెట్ ప్యాకెట్టూ ఒక రూపాయీ.

"ఏందిరా, తెప్పిస్తున్నావా, పండిస్తున్నావా?" అంది అమ్మ.

ముప్పావు గంటకి పాపం ఆ కుర్రాడు నిలువునా తడిసి వచ్చాడు. సంచిలో సబ్బుంది, బిస్కెట్లున్నాయి, వెల్లుల్లి, మెంతులున్నాయి. చింతపండు స్టాకు లేదంట, 95 వెనక్కి వేశారంట.

గొడుగేసుకుని వీధి చివర శెట్టిగారి అంగడికి పోయా. ఇరవై రూపాయల చింతపండు పొట్లం కట్టించి, జేబులో చిల్లర లేక ఫోన్ తీశా.

శెట్టిగారు స్కాన్ బోర్డుని అరచేత్తో మూశాడు. "ఫోన్లో కొట్టాలంటే యాభై దాటాలయ్యా. ఇంకేం ఇమ్మంటావు?"