నాలుగో శనివారం వచ్చే ఆర్డరే అసలు సాక్ష్యం

బీటెక్ చదివిన కొడుకో కూతురో ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్లు అమ్ముతానంటే హైదరాబాద్‌లో ఏ ఇంట్లోనైనా మొదట వినిపించే మాట ఒకటే: ‘ఇంత చదివించింది పిండి రుబ్బడానికా?’ ఆ తర్వాత ఇల్లు రెండు వర్గాలవుతుంది. పిల్లలు ఫోన్‌లో విజయగాథలు చూపిస్తారు. 2005లో బెంగళూరులో చిన్న గదిలో మొదలైన పిండి కంపెనీ ఐడీ ఫ్రెష్ కథ వాటిలో తప్పకుండా ఉంటుంది. అమ్మానాన్నలు మూతపడ్డ కర్రీ పాయింట్లు చూపిస్తారు. ఇద్దరూ చూపించేది ఇంకెవరి సంగతులో. నిజాంపేటలో మీరు రుబ్బిన పిండిని మీ పక్క వీధివాళ్లు రెండోసారి కొంటారా లేదా అన్నది ఈ రెండు రకాల కథల్లోనూ దొరకదు. దాన్ని నాలుగు వారాల్లో, పాతిక వేలు దాటకుండా, ఇంట్లో ఉన్న గ్రైండర్‌తోనే తేల్చుకోవచ్చు.

పెద్దల భయాన్ని కొట్టిపారేయలేం. నెలనెలా జీతం పడితేనే ఇంటి ఈఎంఐ కట్టగలరు, సంబంధాలు చూడటానికి వచ్చినవాళ్లు ముందు ఉద్యోగమే అడుగుతారు, వ్యాపారంలో పోయిన డబ్బుకు లెక్క చెప్పేవాడు ఉండడు. ఇవన్నీ నిజాలే. కానీ కాస్త ఓపిగ్గా వింటే వాళ్ల ప్రశ్న ‘పిండి ఎందుకు’ అని కాదు, ‘ఎంత పోతుంది, ఎక్కడ ఆగుతావు’ అని. దానికి జవాబు కాగితం మీద పెట్టగలిగితే సగం వాదన అక్కడే ముగుస్తుంది.

ముందు కిలో లెక్క. షాపు పిండికి ఒక పాలు మినపగుండ్లు, మూడు పాళ్లు దోసె బియ్యం, గుప్పెడు మెంతులు వేస్తారు. గుండ్లు కిలో 130, బియ్యం 45 అనుకుందాం. మీ వీధిలో ధర వేరైతే అదే వేసుకోండి. కిలో గుండ్లు, మూడు కిలోల బియ్యం, మెంతులు, ఉప్పు కలిపి 275 రూపాయలు. నీళ్లు పోసి రుబ్బాక ఆ నాలుగు కిలోలకు సుమారు పది కిలోల పిండి వస్తుంది. అంటే కిలో పిండికి సరుకు ఇరవై ఏడున్నర. కవరు, లేబులు నాలుగు రూపాయలు, కరెంటు, నీళ్లు మూడున్నర. మొత్తం 35. నేరుగా ఇంటికి 70కి అమ్మితే 35 మిగులుతుంది. ఈ లెక్కలో మీ కూలి లేదని గుర్తుంచుకోండి, దాని సంగతి కిందికొచ్చాక చూద్దాం.

చాలామంది ఈ 35 చూసి సంబరపడి నేరుగా కిరాణా షాపుకు వెళ్తారు. మునిగేది అక్కడే. షాపువాడు 70 రూపాయల ప్యాకెట్‌ను 58కి తీసుకుంటాడు, అమ్ముడుపోనిది వెనక్కిస్తాడు. వంద ప్యాకెట్లకు మీ ఖర్చు 3,500. వందా అమ్ముడైతే 2,300 మిగులుతుంది. పదిహేను వెనక్కొస్తే మిగిలేది 1,430. ముప్పై వెనక్కొస్తే 560. నలభై వెనక్కొచ్చిన రోజున రాత్రంతా రుబ్బినందుకు చేతికి ఏమీ రాకపోగా ఇరవై రూపాయలు పోతాయి. పిండి వ్యాపారంలో లాభాన్ని తేల్చేది రిటర్నులే. అవి మీ పిండి నాణ్యత మీద ఎంత ఆధారపడతాయో షాపువాడి ఫ్రిజ్ మీదా అంతే ఆధారపడతాయి. కొన్ని షాపుల్లో కరెంటు బిల్లుకు భయపడి రాత్రి షట్టర్ దించేటప్పుడు ఫ్రిజ్ కట్టేస్తారు. పిండి ప్రాణమున్న సరుకు, చల్లదనం తగ్గగానే పులుపు ఊపందుకుంటుంది. పొద్దున్నకల్లా ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బుతుంది, కొన్నవాడు తిట్టేది లేబుల్ మీదున్న పేరునే.

అందుకే షాపువాడిని ‘మా పిండి పెట్టుకుంటారా’ అని అడిగి లాభం లేదు. మొహమాటానికి పెట్టుకుంటానంటాడు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి వెళ్లి ఫ్రిజ్‌లో ఇప్పటికే ఉన్న ప్యాకెట్ల మీద తేదీలు చూడండి. ఆ రోజువి రెండో మూడో మిగిలి ఉంటే సరుకు కదులుతోందని అర్థం. మూడు రోజుల కిందటివి వరుసగా కనిపిస్తే ఆ షాపులో ఇంకో పిండికి చోటు లేదు. తర్వాత అడగాల్సినది ఒక్కటే: వెనక్కిచ్చిన ప్యాకెట్ నష్టం ఎవరిది? పది షాపుల జవాబులు పుస్తకంలో రాసుకుని ఇంట్లో చూపిస్తే అది సర్వే పేరుతో పంచే గూగుల్ ఫారం కన్నా వంద రెట్లు బరువైన కాగితం. ఫారంలో ‘కొంటాను’ అని నొక్కడానికి ఎవరికీ రూపాయి ఖర్చు కాదు కదా.

అసలు పరీక్ష మాత్రం అపార్ట్‌మెంట్‌లో జరగాలి. మియాపూర్‌లోనో నిజాంపేటలోనో అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఎంచుకోండి. అమ్మకం మొదలుపెట్టే ముందే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర ప్రాథమిక నమోదు చేయించుకోండి. ఫీజు నామమాత్రం, పైగా ఆ నంబరు లేబుల్ మీద ఉంటే నాన్న గారికీ ధైర్యం. శుక్రవారం సాయంత్రం ఆర్డరు, అప్పుడే యూపీఐలో డబ్బు, శనివారం పొద్దున్నే తలుపు దగ్గర కిలో ప్యాకెట్. అప్పు పెట్టకూడదు, ఉచిత శాంపిల్ ఇవ్వకూడదు, తగ్గింపు ధర అసలే వద్దు. ఈ మూడింటిలో ఏది చేసినా వచ్చే అంకెలు అబద్ధమాడతాయి.

పుస్తకంలో ఫ్లాట్ నంబరు, ఎన్ని ప్యాకెట్లు, ఇది ఎన్నో ఆర్డరు, ఏమన్నారు అని నాలుగు గడులు చాలు. బంధువులు, అమ్మ స్నేహితురాళ్ల ఆర్డర్లను వేరే రంగు పెన్నుతో రాయాలి. మొదటి శనివారం 22 ప్యాకెట్లు పోయాయనుకుందాం, అందులో తొమ్మిది తెలిసినవాళ్లవి. ఆ 22 చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు, కొత్త సరుకును ఒకసారి ఎవరైనా కొంటారు. రెండో వారం 17, మూడో వారం 14, నాలుగో వారం 15 వచ్చాయి. ఆ చివరి పదిహేనులో పదకొండు మూడోసారో నాలుగోసారో కొంటున్న తెలియని ఫ్లాట్లవైతే, ఇంట్లో పెద్దల ముందు పెట్టడానికి అంతకు మించిన కాగితం లేదు. అదే అంకె 22 నుంచి ఆరుకు దిగితే పెద్దలు చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి. ఒప్పుకునే ధైర్యం లేనివాళ్లు ఈ పరీక్ష పెట్టకపోవడమే మంచిది.

పిండి ఎందుకు పాడైందో తెలియకుండా అంకెలు మాత్రమే చూసినా ఉపయోగం లేదు. ప్రతి విడతలోనూ ఒక ప్యాకెట్ మీ ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజులు చూడండి. ఫలానా ఫ్లాట్‌లో పులిసిందని ఫిర్యాదు వచ్చినప్పుడు మీ దగ్గరిదీ పులిసి ఉంటే తప్పు తయారీది, లేకుంటే వాళ్లు బయట పెట్టారు. గుండ్లను చల్లటి నీళ్లతో రుబ్బాలి, రాయి వేడెక్కితే పిండి పొంగు తగ్గుతుంది. రుబ్బిన మినప్పిండి చిన్న ముద్ద గిన్నె నీళ్లలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకా నలగాలి. ఎండాకాలంలో రుబ్బగానే ప్యాక్ చేసి ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే, చలికాలంలో కొన్ని గంటలు బయట ఉంచి అప్పుడు చల్లబరచాలి. సంక్రాంతి చలిలో గెలిచిన పిండి మే నెల ఎండలో ఓడిపోవచ్చు, కాబట్టి పరీక్ష ఏ నెలలో చేశారో కాగితం మీద తప్పక రాయాలి.

ఇప్పుడు కూలి సంగతి. రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్‌లో వాయికి ముప్పావు కిలోకి మించి నలగదు, ఒక్కో వాయికి అరగంట. పదిహేను కిలోల పిండికి ఆరు కిలోల పప్పూ బియ్యం, అంటే ఎనిమిది వాయిలు, నాలుగు గంటలు. కడగడం, ప్యాకింగ్, తలుపు తలుపుకూ తిరగడం ఇంకో రెండు. గంటకు వంద చొప్పున మీ కూలి 600. ఆ శనివారం మిగిలింది పదిహేను ముప్పై అయిదులు, 525. అంటే డెబ్బై అయిదు రూపాయల నష్టం. ఈ అంకెను దాచకుండా మీరే ముందు చెప్పాలి. నాన్న గారు ఎలాగూ పట్టుకుంటారు, ఆయన పట్టుకుంటే మిగతా కాగితమంతా చిత్తే.

ఈ నష్టం గ్రైండర్ చిన్నది కావడం వల్ల. పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్‌లో ఇదే పని రెండు వాయిల్లో తేలుతుంది. రోజుకు 40 కిలోలు నేరుగా అమ్మగలిగితే 1,400, నెలకు 26 రోజులకు 36,400. సహాయకుడికి 12,000, పెట్రోలు, గ్రైండర్ వాయిదా పోను చేతికి ఇరవై వేల చిల్లర. వారానికి ఆరు రోజులు నలభై అంటే 240 ప్యాకెట్లు. పరీక్షించిన అపార్ట్‌మెంట్ వారానికి పదిహేను కొంటోంది. కావాల్సింది అలాంటి పదహారు. ఇంటికి మూడు కిలోమీటర్ల లోపు అరవై ఫ్లాట్లవి పదహారు ఉన్నాయా? నాన్న గారిని బండి మీద ఎక్కించుకుని ఓ సాయంత్రం తిరిగితే ఇద్దరికీ తెలిసిపోతుంది. ఇంట్లో గొడవ పడటానికి ఇంకేం మిగల్లేదు. పరీక్షకు 25,000 దాటను, బంగారం ముట్టను, అప్పు చేయను, నాలుగో వారం తెలియని ఫ్లాట్ల ఆర్డర్లు పదికి తగ్గితే ఆపేస్తాను అని తేదీ వేసి సంతకం చేసి ఆయన చేతికివ్వండి.

ఈ వ్యాసం రాయడానికి కారణం పిండి ఒక్కటే కాదు. పాతిక వేల పరీక్షకు ఇన్ని సాక్ష్యాలు అడిగే ఇళ్లే అమీర్‌పేటలో కోర్సు ఫీజుకు ఒక్క ప్రశ్న అడగవు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట విని లక్షలు కట్టిన ఇళ్లున్నాయి. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పంపిన ఇళ్లున్నాయి. అక్కడ నష్టానికి హద్దు రాసిన కాగితం ఉండదు, ఎక్కడ ఆగాలో ఎవరూ అనుకోరు, పరువైన దారి కాబట్టి లెక్క అక్కర్లేదన్న ధీమా ఒక్కటే ఉంటుంది. చదువుకు పెట్టే డబ్బు కూడా పెట్టుబడే. పిండి పుస్తకానికి గీసిన గడులు దానికీ గీయాలి: కిందటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఆరు నెలల తర్వాత ఎంతమంది అదే పనిలో ఉన్నారు, వాళ్లలో ఇన్‌స్టిట్యూట్ ఎంపిక చేయని ముగ్గురితో మనం మాట్లాడామా, నెల వాయిదా మొదటి జీతంలో ఎంత వంతు? వ్యాపారం చేస్తానన్న పిల్లలు తమ కాగితంతో పాటు ఈ రెండో కాగితాన్నీ బల్ల మీద పెట్టి, రెండింటినీ ఒకేసారి చదవమని అమ్మానాన్నలను అడగాలి.