ఒక్క మాట తేడాతో మోటరు నడిచింది
"నేను చెబితే ఫోన్ సరిగ్గా రాస్తుంది, మా అమ్మ చెబితే తప్పు రాస్తుంది. గొంతులో తేడానా?"

గొంతు కన్నా మాట రూపమే కారణం అయ్యుండొచ్చు అండీ. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాన్న బత్తాయి తోట నుంచి "మోటరు నడుస్తలేదు" అని చెప్తే ఫోన్ "మోటరు నడుస్తుంది" అని రాసింది. నేను ఇంట్లో నిశ్చింతగా కూర్చున్నా!

ఫోన్ శబ్దం ఒక్కటే చూడదు. ఒక మాట పక్కన ఏ మాట ఎక్కువగా వస్తుందో కూడా అంచనా కడుతుంది. ఆ అంచనా ఎక్కువగా రాతలో ఉన్న తెలుగు నుంచి వస్తుంది. అందులో "నడుస్తుంది", "నడవడం లేదు" దండిగా ఉంటాయి, "నడుస్తలేదు" తక్కువ. శబ్దం కాస్త అస్పష్టంగా ఉంటే అలవాటైన మాట వైపు జారుతుంది.

ఒకసారి పరీక్షించండి. అదే ఫోన్, అదే చోటు, అమ్మతోనే "మోటరు నడవడం లేదు" అనిపించండి. అది సరిగ్గా వస్తే మైకు, వయసు కాదు, మాండలికమే చిక్కు అయ్యుండొచ్చు. అదీ తప్పొస్తే గాలి హోరు, ఫోన్ దూరం చూడాలి.

ఫోన్ తప్పుల లెక్క కూడా చిత్రంగా ఉంటుంది. తప్పు మాటలను, చెప్పిన మొత్తం మాటలతో భాగిస్తారు. నాన్న మాటలో రెండింటికి ఒకటి తప్పు, 50 శాతం. "వానొస్తదా" అంటే "వాన వస్తుందా" అని రాస్తే ఒక మాట మారింది, ఒకటి ఎక్కువైంది, అంటే 200 శాతం తప్పు. అర్థం మాత్రం చెక్కుచెదరలేదు.