అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక వైఫై పాస్‌వర్డ్: మార్చాల్సింది ఒక్క చోటే కాదు

గుంటూరులో మేడ మీద అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారనుకుందాం. ఇన్నాళ్లూ వాళ్లూ ఇంటివాళ్ల వైఫైనే వాడుకున్నారు. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చాలి. రూటర్ కింద స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్, చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1, బ్రౌజర్‌లో కొట్టి Wireless పేజీలో కొత్తది పెట్టి సేవ్ చేస్తే అయిపోయిందనుకుంటారు. చాలా ఇళ్లలో అక్కడితో సగమే అవుతుంది.

ఇప్పటి ఫైబర్ రూటర్లు చాలావరకు 2.4GHz, 5GHz అని రెండు సిగ్నళ్లు ఇస్తాయి. కొన్నింట్లో రెండింటికీ వేర్వేరు పేజీలు, వేర్వేరు పాస్‌వర్డ్‌లు. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే పాతవాళ్లకు తలుపు తెరిచే ఉన్నట్టు. పాత పాస్‌వర్డ్ సేవ్ అయి ఉన్న ఫోన్ ఇంకా దానంతటదే కనెక్ట్ అవుతోందంటే రెండోది మిగిలిపోయిందని అర్థం. ఇక ఈ సెట్టింగ్స్ పేజీ తెరిచే పాస్‌వర్డ్ వేరే ఉంటుంది. అది ఇంకా admin అనే ఉంటే దాన్నీ అప్పుడే మార్చాలి.

సేవ్ నొక్కగానే ఇంట్లో వైఫై మీద ఉన్నవన్నీ డిస్కనెక్ట్ అవుతాయి. ఫోన్లలో పాత నెట్‌వర్క్‌ను Forget చేసి కొత్త పాస్‌వర్డ్ కొడితే చాలు, టీవీలో రిమోట్‌తో కొట్టుకోవాలి. టెన్షన్ అంతా స్క్రీన్ లేని వస్తువులతోనే. చాలా స్మార్ట్ ప్లగ్‌లకు కొత్త పాస్‌వర్డ్ నేరుగా చెప్పే దారి ఉండదు. లైటు వేగంగా మిణుకుమనే దాకా బటన్ నొక్కిపట్టి, యాప్‌లో మళ్లీ మొదటి నుంచి జోడించాలి. ఇలాంటివి ఎక్కువగా 2.4GHz మీదే పనిచేస్తాయి. ఫోన్ 5GHzలో ఉంటే కొన్ని యాప్‌లు జోడించే దగ్గరే ఆగిపోతాయి.

వరండాలో కెమెరా ఉంటే మరీ ఇబ్బంది. డల్లాస్‌లో ఉన్న కొడుకు దాన్ని చూసే అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలుసుకుంటాడు. పాస్‌వర్డ్ మారిన క్షణం నుంచి అతని యాప్‌లో అది ఆఫ్‌లైన్. అక్కడి నుంచి అతను చేయగలిగింది ఏమీ లేదు. ఎవరో ఒకరు స్టూలెక్కి రీసెట్ బటన్ నొక్కాలి. డెబ్బై ఏళ్ల మనిషిని ఆ పని చేయమనడం నాకైతే సరి అనిపించదు.

అందుకే ముందు రూటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే Guest Network ఆన్ చేసి, దానికి ఎవరికీ చెప్పని పాస్‌వర్డ్ పెట్టాలంటాను. కెమెరా ఆన్‌లైన్‌లో ఉండగానే, యాప్‌లో ఆ వీలుంటే, దాన్ని అందులోకి మార్చాలి. ప్లగ్‌లనూ అక్కడే కలపాలి. ఆ తర్వాతే అసలు పాస్‌వర్డ్ మార్చాలి. ఇకపై ఎవరు వచ్చి వెళ్లినా ఫోన్లు, టీవీ, ప్రింటర్ లాంటివి మాత్రమే మళ్లీ కలపాల్సి వస్తుంది. ప్రింటర్‌ను మాత్రం అసలు నెట్‌వర్క్‌లోనే ఉంచాలి. గెస్ట్‌లో ఉన్నవి మిగతావాటికి కనిపించకుండా చాలా రూటర్లు ఆపేస్తాయి, అప్పుడు ఫోన్ నుంచి ప్రింట్ వెళ్లదు.